పై గీత దాకా

రెండుసార్లు తప్పి, మూడోసారి పాసై, నాగిరెడ్డిపేట నుంచి నర్సు చదువు పూర్తిచేసిన మొదటి ఆడపిల్ల గంగామణి. 1994 నాటికి ఆమె చేతుల మీదుగా ఆరువందల పన్నెండు కాన్పులు జరిగాయి. ఈ లెక్క అడిగినవాళ్లకూ చెప్పేది, అడగనివాళ్లకూ చెప్పేది.

మహమ్మద్‌నగర్‌లో అన్వరి బేగం మనవరాలు రెండు కిలోలైనా లేకుండా పుట్టింది. పుట్టిన వారానికే డి విటమిన్ చుక్కలు పెట్టించింది గంగామణి. రెండు నెలలు నిండి మూడు కిలోలు తూగాక ఇనుము చుక్కలూ చేర్చింది. చదువురాని అన్వరి బేగానికి గీతలు చూపి వల్లె వేయించింది. ఇనుముకు ఎర్ర దారం కట్టిన డ్రాపరు, కింది గీత దాకా, అంటే మిల్లీలీటరులో పావు. డి విటమిన్‌కు తెల్ల డ్రాపరు, పై గీత దాకా, నిండా ఒక మిల్లీలీటరు.

"నీకు మూడుసార్లకు వచ్చిన చదువు, నాకు ఒక్కసారికే వచ్చింది చూడు" అని అన్వరి బేగం నవ్వింది.

ఆ ఏడాది ఆగస్టు పదమూడున కోడలు సాబేరా పిల్లను ఎత్తుకుని గంగామణి పనిచేసే ఉపకేంద్రానికి వచ్చింది, వెనకాలే అత్త. పిల్ల పాలు తాగడం లేదు, తాగినవి కక్కుతోంది, నాలుగు రోజులుగా విరేచనం లేదు. ఒళ్లు సోలిపోయింది. గంగామణి అనుమానం ముందు ఇనుము మీదికే పోయింది. ఎర్ర దారం, కింది గీత, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక డి విటమిన్ అడిగింది.

"పై గీత దాకనే పోసిన" అని అన్వరి బేగం సంచిలోంచి సీసా తీసింది.

అది గంగామణి ఇచ్చిన సీసా కాదు. పాతది అయిపోతే కొడుకు బషీర్ దుబాయి నుంచి పంపినది. చుక్క చుక్కగా రాల్చే మూత దానికే ఉంది. ఆలస్యమవుతోందని అన్వరి బేగం దాన్ని పీకేసి, పాత డ్రాపరుతో తొమ్మిది రోజులు పోసింది.

గంగామణి సీసా మీది చీటీ చదివింది. ఒక్క చుక్కలో ఐదువందల యూనిట్లు. పిల్లకు రోజుకు కావలసింది నాలుగువందలు, పాత సీసాలో నిండు డ్రాపరుకు ఉండేది అంతే. డ్రాపరు నింపి, చెంచాలోకి ఒక్కో చుక్క రాలుస్తూ లెక్కపెట్టింది. నలభై. రోజుకు ఇరవై వేలు.

"గీత తప్పలేదు బిడ్డా, నేను" అంది అన్వరి బేగం.

"నువ్వు తప్పలే చాచీ. గీత నేర్పిన గని, సీసా మారితే గీత మారుతదని నేనే చెప్పలే."

ఎల్లారెడ్డి ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు రెండు మందులూ ఆపమన్నాడు. డి విటమిన్ ఎక్కువై రక్తంలో కాల్షియం పెరిగి ఉంటుందని, సెలైను పెట్టి నిజామాబాద్‌కు రాసిచ్చాడు. గంగామణి తానూ వస్తానంది, సీసా తన చేతిలోనే ఉంచుకుంది. బస్సులో దారి పొడుగునా పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూనే ఉంది. ఆ ఆరువందల లెక్క ఆమెకు గుర్తుకే రాలేదు.

ఎల్లారెడ్డికి బయలుదేరే ముందే ఉపకేంద్రం తలుపు మీద సుద్దతో రాసింది: కొత్త సీసా వస్తే నాకు చూపకుండా ఒక్క చుక్క పోయొద్దు.

నిజామాబాద్‌లో బుధవారం మళ్లీ రక్తం చూస్తారట. కాల్షియం దిగితే, పిల్లతో గంగామణి తిరిగి వచ్చేది ఆగస్టు 18, గురువారం.