ఎనభై మూడు మెయిళ్ళు, ఒక పదును

మా ఓబమ్మకు కోపం వస్తే నోరు చేసుకోదు, టైపు చేస్తుంది. ఆ చప్పుడు వింటే చాలు, వెనక గోడౌన్‌లో ఉన్న నాకు ఆమె మనసు ఎట్లా ఉందో తెలిసిపోతుంది. ఉరవకొండలో మా రైతుల కంపెనీ ఆఫీసు ఉంది. ముందు గది ఆమెది, వెనక గోడౌన్ నాది. నా పేరు బయ్యన్న. ఏడేళ్ళుగా మూటలు లెక్కపెట్టేది నేను, ఉత్తరాలు రాసేది ఆమె.

ఓబమ్మ కణేకల్ పక్కన గొర్రెలు కాచే ఇంట్లో పుట్టిన మనిషి. ఇంటర్ చదివి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, టైపు నేర్చుకుని ఈ కుర్చీలో కూర్చుంది. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూలైలో హెడ్డాఫీసు సంతకం పెడితేనే ఆ కుర్చీ మళ్ళీ ఆమెది. ఆమె ఇంగ్లీషు మీద నాకు నమ్మకం లేదు, నా లెక్కల మీద ఆమెకు నమ్మకం లేదు. అట్లా సమానంగా గడిచిపోతోంది.

మొన్న జూన్ చివరి సోమవారం సంగతి చెబుతాను. ముందురోజు సాయంత్రం గట్టి వాన పడింది. నెల రోజులుగా మొగం చాటేసిన వాన. తెల్లారేసరికి మా గేటు ముందు నలభై మంది రైతులు నిలబడి ఉన్నారు. అందరికన్నా ముందు నాగలక్ష్మమ్మ. నాలుగెకరాల ఎర్రనేల ఆమెది, మొగుడు లేడు, సేద్యం ఒంటి చేత్తో చేస్తుంది.

"తలుపు తీయప్పా బయ్యన్నా. కాయ ఇంటికి తోలుకోని ఒలిచేకే ఒకరోజు పడతాది. పదును ఎన్నాళ్ళుంటాది? మూడు దినాలు, మహా అంటే నాలుగు."

పదును అంటే మా దగ్గర నేలలో విత్తనం వేయదగ్గ తడి. పిడికిట్లో మన్ను తీసుకుని బిగిస్తే ముద్ద కట్టాలి. అంతకన్నా ఎక్కువైనా, తక్కువైనా విత్తనం వేయరు. ఎర్రనేలలో అది తొందరగా ఆరిపోతుంది.

కానీ నేను తలుపు తీయలేను. వేరుశెనగ కాయల మూటలు లోపల నిండుగా ఉన్నాయి, వాటి మీద హెడ్డాఫీసు 'ఆపుదల' ఉంది. జూన్ తొమ్మిది నుంచి అట్లానే ఉంది. ఎందుకు ఉందో ఎవరికీ సరిగా తెలియదు. దాని మీద మెయిళ్ళు మాత్రం నడుస్తూనే ఉన్నాయి.

తొమ్మిదింబావుకు కొత్త మేనేజరు రామదాసు గారు వచ్చారు. పాత మేనేజరు నాగేశ్వర బదిలీ మీద పోయి పది రోజులయింది. ఈయన నెల్లూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. కుర్చీలో కూర్చోకముందే గేటు దగ్గరి గోల చూసి, ఓబమ్మను పిలిచి అడిగాడు.

"ఏమ్మా, పదకొండుకు హెడ్డాఫీసుతో వీడియో మీటింగు. ఈ విత్తనాన్ని అమ్మిన కంపెనీకి వాపసు పంపేద్దామని వాళ్ళ ఆలోచన. రేపు లారీ వస్తుందట. నాకేమో ఎనభై మూడు మెయిళ్ళు పంపారు. పది చదివాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక్క పేజీ రాసిస్తావా? తెలుగులోనే."

"రాస్తాను సార్," అంది ఓబమ్మ.

విత్తనం వాపసు పోతే ఈ వానకు ఈ నలభై ఇళ్ళల్లో విత్తు పడదు. మళ్ళీ వాన ఎప్పుడో ఎవరు చెబుతారు? ఆమె చేతిలో ఉన్నది గంటా ముప్పావు.

చప్పుడు మొదలయింది. నేను లోపలికి పోయి చూస్తే మొదటి మెయిలు నుంచి తేదీల వారీగా రాసుకుంటూ పోతోంది. పలానా తేదీన వీరు ఇట్లన్నారు, వారు అట్లన్నారు. రెండు పేజీలు నిండినాయి, ఇంకా నలభయ్యో మెయిలు దగ్గరే ఉంది.

"ఇది సదివితే సారుకు నిద్దర వస్తాది," అన్నాను.

కోప్పడుతుందనుకున్నా. పడలేదు. రెండు పేజీలూ చెరిపేసింది. "ఆయప్పకు కత ఒద్దు బయ్యన్నా. పదకొండుకు ఏం జెప్పల్లో అది కావల్ల," అని కొత్త పేజీ తెరిచింది. పైన ఒకే ప్రశ్న రాసింది: విత్తనం ఇవ్వాలా, వాపసు పంపాలా? ఆ ప్రశ్నకు పనికొచ్చే మెయిలు ఏది, పనికిరానిది ఏది అని ఈసారి చివర నుంచి వెనక్కి చదవడం మొదలుపెట్టింది. లారీ బాడుగ మీద జగడాలు, 'గుర్తు చేస్తున్నాం' అనేవి, ఒకరినొకరు వేలెత్తి చూపడాలు, అన్నీ పక్కకు పోయాయి. ఎనభై మూడులో పనికొచ్చేవి ఐదు మిగిలాయి.

ఒకటి అందరూ మరిచిపోయినది. జూన్ ఇరవై ఒకటిన ల్యాబు పంపిన రిపోర్టు. ల్యాబువాళ్ళు హెడ్డాఫీసులోని కొనుగోళ్ళ మేనేజరుకే జవాబిచ్చి, మా ఆఫీసుకు ఒక కాపీ పెట్టారు. మిగతావాళ్ళ పేర్లు జాబితా నుంచి జారిపోయాయి. అప్పటి నుంచి మెయిళ్ళు రెండు పాయలయ్యాయి. ఒక పాయలో రిపోర్టు ఉంది, రెండో పాయలో రిపోర్టు రాలేదని గొడవ నడుస్తోంది. మొలక డెబ్భై ఆరు శాతం. వేరుశెనగకు డెబ్భై ఉంటే చాలు.

"బయ్యన్నా, రిపోర్టులో లాటు నంబరు చివర నాలుగు ఒకటి ఏడు. మూటల మీద ట్యాగు సూడు. ఒగటి గాదు, అన్ని వరసలూ సూడు."

చూశాను. అన్ని వరసల్లోనూ అదే నంబరు. అంటే పరీక్ష చేసింది ఈ విత్తనాన్నే. మరి ఇంతకీ ఆపింది దేనికి?

ఓబమ్మ ఇంకా వెనక్కి పోయింది. జూన్ తొమ్మిది. పన్నెండో మెయిలు. చదివి చేతులు కీబోర్డు మీద నుంచి తీసేసింది. నేను వంగి చూశాను.

ఆ రోజు మా ఫీల్డు మనిషి లింగప్ప పొలాల నుంచి ఫోన్ చేసి, "పదును లేదు, ఇత్తనాలు ఇప్పుడే ఇయ్యొద్దు" అన్నాడు. వాన లేదు కదా, ఇస్తే రైతులు ఇంట్లో పెట్టుకుని పాడుచేసుకుంటారని. ఓబమ్మ దాన్ని ఇంగ్లీషులో రాస్తూ పదును అనే మాటకు ఇంగ్లీషు తోచక దాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టేసింది. పదును బాగాలేదు, విత్తనం ఆపండి, ఇంతే. కొనుగోళ్ళ మేనేజరుకు తెలుగు రాదు. ఆ మాటను కంప్యూటరులో వేసి చూసుకున్నాడు, కత్తి పదును అని వచ్చింది. విత్తనానికి పదునంటే నాణ్యతే అయి ఉంటుందనుకున్నాడు. అప్పుడాయన రెండు ప్రశ్నలు కలిపి అడిగాడు: "విత్తనం నాణ్యత బాగాలేదనా? ఆపేయమంటారా?" నాగేశ్వర ఒక్క ముక్కలో జవాబిచ్చాడు: "అవును."

ఆయన అవునన్నది రెండో ప్రశ్నకు. అవతలివాళ్ళు రెండింటికీ రాసుకున్నారు. అక్కడి నుంచి అరవై తొమ్మిది మెయిళ్ళు, రైతులు చేయని నాణ్యత ఫిర్యాదు గురించి.

లింగప్ప అప్పుడే వచ్చాడు. సంగతి విని తలుపు దగ్గరికి వేసేశాడు.

"అక్కా, అది రాయొద్దు. సమాచార లోపం వల్ల ఆగింది అని పెట్టు, సాలు. వచ్చే నెల నీ కాంట్రాక్టు ఉండాది. ఈ కాయితం పైకి పోతాది."

నిజం చెబుతున్నా, నాకూ అదే సరి అనిపించింది. ఓబమ్మ కూడా అట్లాగే టైపు చేసింది. 'సమాచార లోపం వల్ల.' దాన్ని మళ్ళీ ఒకసారి చదువుకుంది. గడియారం పది ముప్పావు.

"ఇట్ల రాస్తే సారు ఏమడుగుతాడు లింగప్పా? రైతులు నాణ్యత బాగలేదన్నారు గదా, ఆ కంప్లైంటు ఏమాయె అంటాడు. మీటింగులో ఆయప్పను కూడా అదే అడుగుతారు. ఆయప్ప కాడ జవాబుండదు. కనుక్కోని చెప్తాం అంటాడు. రేపు లారీ వస్తాది."

"అయితే?"

"కంప్లైంటే లేదని రాయల్ల. లేనిది యాడి నుంచి వచ్చిందో రాస్తేనే నమ్ముతారు."

చెరిపేసింది. ఆ తర్వాత పది నిమిషాలు ఆగకుండా చప్పుడు. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది:

"ఈ రోజు తేల్చవలసింది: గోడౌన్‌లోని వేరుశెనగ విత్తనం రైతులకు ఇవ్వాలా, వాపసు పంపాలా. ఇవ్వవచ్చునని నా అభిప్రాయం.

విత్తనం మీద రైతుల ఫిర్యాదు ఏదీ లేదు. జూన్ 9న నేను 'పదును లేదు' అన్న మాటను ఇంగ్లీషులోకి మార్చకుండా రాశాను (మెయిలు 12). పదును అంటే నేలలో తడి. హెడ్డాఫీసు దాన్ని విత్తనం నాణ్యత అనుకుంది (13). అప్పటి మేనేజరు 'అవును' అన్నది ఆపడం గురించి అని నేను అనుకుంటున్నాను, ఆయన్ను అడగవలసి ఉంది (14).

ల్యాబు పరీక్షలో మొలక 76 శాతం, ఉండవలసింది 70 (58). లాటు నంబరు మూటల ట్యాగులతో ఈ ఉదయం సరిచూశాం.

తెలియనిది: బదులు విత్తనానికి ఆర్డరు వెళ్ళిందో లేదో అడిగారు (77), జవాబు మెయిళ్ళలో లేదు.

నిన్న వాన పడింది. పదును మూడు నాలుగు రోజులే ఉంటుంది.

- ఓబమ్మ"

పది యాభై ఐదు. రామదాసు గారు నిలబడే చదివాడు. రెండోసారి చదివాడు. పన్నెండో మెయిలు, యాభై ఎనిమిదో మెయిలు తెరిచి చూసుకున్నాడు. నాగేశ్వరకు ఫోన్ చేసి ఒక్క మాట అడిగాడు. పెట్టేసి, "ఆపడం గురించే అన్నాడట," అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"ఇది ఉన్నదున్నట్టు చదివి, ఇంగ్లీషులో చెబుతానమ్మా. నీ పేరుతో సహా. సరేనా?"

"చదవండి సార్. మార్చొద్దు."

మీటింగు మొదలయింది, ఆమె తన కుర్చీలోనే ఉంది. నేను గేటు దగ్గరికి పోలేదు, నాగలక్ష్మమ్మ ముఖం చూడలేక. పావుగంట తర్వాత లోపల నుంచి గొంతు వినిపించింది, "ఓబమ్మా, ఒకసారి రా." పోయింది. తెరలో ఐదుగురు ఉన్నారట. కొనుగోళ్ళ మేనేజరు ఏదో అడిగాడు, రామదాసు గారు తెలుగులో చెప్పాడు. ఈమె వచ్చిన ఇంగ్లీషులోనే జవాబిచ్చింది. తప్పు తనదేననీ, విత్తనం మంచిదేననీ, లారీ వద్దనీ. మూడు వాక్యాలు. తర్వాత ఎనభై నాలుగో మెయిలు వచ్చింది, ఒకే వరుస: ఆపుదల ఎత్తేయడమైనది.

నేను తలుపు తీశాను.

మూటలు బయటికి పోతుంటే ఓబమ్మ వచ్చి పక్కన నిలబడి పేర్లకు టిక్కులు పెట్టింది. నాగలక్ష్మమ్మ ఊరుకునే మనిషి కాదు.

"ఏమమ్మా, ఇన్నాళ్ళు మా ఇత్తనాలు ఆపిండేది ఎవరమ్మా? ఆ నాయాలు పేరు జెప్పు."

నేనూ లింగప్పా నేల చూపులు చూశాం. ఓబమ్మ పెన్ను ఆపి ఆమె కళ్ళలోకి చూసింది.

"నేనే అక్కా. ఒగ మాట సరిగ్గా రాయకపోతి."

నాగలక్ష్మమ్మ ఓబమ్మను కిందికీ పైకీ చూసింది. తర్వాత మూట ఒక కొస పట్టుకుని, రెండో కొస వైపు గడ్డం చూపించింది.

"సరే, పట్టు. పదును పోతాండాది."

ఓబమ్మ పెన్ను చెవి వెనక దోపుకుని మూట పట్టింది.