లేదు అని నొక్కిన గడి

మా నాన్న చీర విప్పితే ముందు లోపం చూపించేవాడు. ఎంత బాగా నేసిన చీరలోనైనా ఎక్కడో ఒక పోగు తెగి అతుకు పడి ఉంటుంది, లేదా అంచు రంగు వేలెడంత మేర పలచబడి ఉంటుంది. కొనేవాళ్ళు అడగకముందే ఆ చోటు వెతికి, దాని మీద బొటనవేలు ఆనించి, ఇదిగోనమ్మా, ఇక్కడ ఇలా ఉంది, చూసుకుని తీసుకోండి అనేవాడు. ధర మాట ఆ తర్వాతే. చిన్నప్పుడు నాకు ఆ అలవాటు చూస్తే ఒళ్ళు మండేది. పక్కవాళ్ళు మంచి మడత పైకి వేసి అమ్ముకుంటుంటే మనకెందుకీ నీతులు అని విసుక్కునేదాన్ని. దాచిన లోపం ఎవరి ఇంట్లోనో బయటపడుతుంది, అప్పుడు మనం అక్కడ ఉండం కదా అని నవ్వేవాడు.

చీరాలలో మా వీధిలో తెల్లవారుజామున పడుగులు సాగదీసి గంజి పెట్టేవారు. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు దారాలు పరుచుకుని ఉండేవి. వాటి కింద నుంచి వంగి బడికి వెళ్ళేదాన్ని. ఆ వయసులో వీధి అంటే అదే అనుకునేదాన్ని, ప్రతి ఊళ్ళోనూ పొద్దున్నే గాలిలో రంగులు వేలాడతాయని.

మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని మోకాళ్ళు మొరాయించాక నాన్న నేత మానేసి, సరుకు బండిగా రిజిస్టరయిన పాత వ్యాను ఒకటి కొన్నాడు. అందులో నేతగాళ్ళ చీరలు వేసుకుని పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాడు. లోపల రెండు వైపులా చెక్క అరలు చేయించాడు. మిరపకోతలకు వెళ్ళిన ఆడవాళ్ళు ఇళ్ళకు చేరేసరికి మసక పడుతుంది, ఆ వెలుగులో నీలం ఏదో నలుపు ఏదో తెలీదు. లోపం అసలే కనపడదు. అందుకని పైకప్పుకు రెండు పొడవాటి లైట్లు పెట్టించాడు. సెలవులకు నేనూ వెళ్ళేదాన్ని. చీరల మడతల మధ్య కూర్చుని, కొత్త నూలు వాసనకు కళ్ళు మూతలు పడుతుంటే, బయట మాటలు ఎక్కడి నుంచో వస్తున్నట్టు వినిపించేవి. కళ్ళు తెరిస్తే లైటు కింద ఎర్రటి కొంగు, దాని మీద నాన్న బొటనవేలు. నా జ్ఞాపకాల్లో ఆ బండి ఎప్పుడూ ఆగే ఉంటుంది, వెలుగుతూనే ఉంటుంది.

నాకు ఒంగోలులో ఉద్యోగం వచ్చిన ఏడాది నాన్న బండికి గ్యాసు కిట్టు బిగించాడు. పెట్రోలు పోసి ఊళ్ళు తిరగడం కుదరని పని అయిపోయింది. డ్రైవరు సీటు వెనక సిలిండరు కూర్చోబెట్టాక దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, వీధి వీధంతా మిఠాయి పంచాడు. బండి గ్యాసుతో నడుస్తోందని ఊళ్ళో చిన్న పిల్లలకు కూడా తెలుసు. కిట్టు బిగించిన మెకానిక్కు బిల్లు, బిగించినట్టు సర్టిఫికెట్టు ఇచ్చి, వీటితో రవాణా ఆఫీసుకు వెళ్ళి ఆర్‌సీలో మార్పించుకోవాలి, ఇన్సూరెన్సు వాళ్ళకూ చెప్పాలి అన్నాడట. నాన్న ఆ రెండు కాగితాలూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇవన్నీ నీకు తెలుస్తాయి, నువ్వు చూడమ్మా అన్నాడు.

చూస్తానన్నాను. కాగితాలు నా హ్యాండుబ్యాగులో కొన్నాళ్ళు, తర్వాత గదిలో పుస్తకాల కింద కొన్నాళ్ళు ఉన్నాయి.

బండి ఇన్సూరెన్సు పాలసీ రెన్యువల్ నేను బస్సులో చేశాను. ఎండాకాలం మధ్యాహ్నం, కిటికీ అవతల పొగాకు ఆరబెట్టే బ్యారన్లు వెనక్కి పోతున్నాయి, కళ్ళు మూసుకుపోతున్నాయి. ఫోనులో ఒక్కో ప్రశ్నా వచ్చింది. గ్యాసు కిట్టు ఉందా అని అడిగింది. ఉంది అని నొక్కితే దాని విలువ ఎంత, ఆర్‌సీలో నమోదయిందా అని ఇంకో రెండు గడులు తెరుచుకున్నాయి. ఆర్‌సీలో ఎక్కడ నమోదయింది, కాగితాలు నా గదిలో పడి ఉంటేను. వెనక్కి వెళ్ళి లేదు అని నొక్కాను. విడిగా బిగించిన సామాను, లైట్ల గురించి అడిగితే దానికీ లేదన్నాను. నిమిషంలో పాలసీ వచ్చేసింది. సాయంత్రం నాన్న ఫోనులో అన్నీ రాశావామ్మా అని అడిగాడు. అన్నీ రాశా నాన్నా అన్నాను. అబద్ధం చెప్పానని కూడా అనిపించలేదు. పనైపోయింది, అంతే.

మరుసటి ఏడు మిరప కళ్ళాల రోజుల్లో బండి కాలింది. పర్చూరు దాటాక ఒక కళ్ళం పక్కన ఆపి, లైట్లు వేసి, పని ముగించిన ఆడవాళ్ళకు చీరలు చూపిస్తున్నాడు. పైకప్పు దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, వెంటనే పై అరలో మంట కనిపించింది. నాన్న ముందు సిలిండరు వాల్వు కట్టేసి, ఆ తర్వాత కేక వేశాడు. కళ్ళంలో ఉన్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి చీరల మూటలు లాగి ఆరబోసిన మిరపకాయల మీద పడేశారు. మగవాళ్ళు మట్టి పోశారు, పురుగుమందు కలపడానికి తెచ్చిన నీళ్ళు పోశారు. సిలిండరు పేలలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. అరలు, పైకప్పు, సీట్లు, వైర్లన్నీ మసైపోయాయి. కబురంది తెల్లవారి నేను వెళ్ళేసరికి ఎర్రటి కాయల మీద పచ్చ, నీలం, వంగపండు రంగు చీరలు విప్పారి పడి ఉన్నాయి. ఆ దృశ్యం ఎంత అందంగా ఉందంటే, అంత కష్టంలోనూ ఒక్క క్షణం అలా నిలబడిపోయాను. ఆ తర్వాత ఘాటుకు తుమ్ములు వచ్చాయి, దాంతో పాటు ఏడుపూ వచ్చింది.

నాన్న మాత్రం నిబ్బరంగానే ఉన్నాడు. ఇన్సూరెన్సు ఉందిగా తల్లీ, నెల తిరిగేసరికి బండి మళ్ళీ తిరుగుతుంది అన్నాడు. ఆయన బతుకుతెరువంతా ఆ బండే. అది లేకపోతే ఆ మోకాళ్ళతో మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాల్సిందే.

బండిని తెచ్చి మెకానిక్కు షెడ్డులో పెట్టారు. నష్టం చూడడానికి ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చే రోజు పొద్దున, ఆర్‌సీలో కిట్టు ఎక్కలేదని చూసిన మెకానిక్కు నాన్నను పక్కకు పిలిచాడు. "బాబాయ్, ఆయన వచ్చేలోపు సిలిండరు ఊడదీసి లోపల పడేస్తా. కాలిపోయిన బండిలో ఏముందో ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. నాన్న ఒప్పుకోవాలని నేను మనసులో మొక్కుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ మొక్కుకున్న మాట నిజం. నాన్న తల అడ్డంగా ఊపి, పోయి స్టూలు మీద కూర్చున్నాడు.

సర్వేయరు నెమ్మదస్తుడు. బండి చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకున్నాడు, ఆర్‌సీ, పాలసీ, లైసెన్సు అడిగి తీసుకున్నాడు. ఆయన లోపలికి వంగబోతుంటే నాన్నే ముందుకు వెళ్ళి, మసి పట్టిన సిలిండరు మీద బొటనవేలు ఆనించాడు.

"ఇదిగోనండి, ఇక్కడ గ్యాసు కిట్టు ఉంది. పైన లైట్లు కూడా నేను పెట్టించినవే. చూసుకోండి" అన్నాడు.

సర్వేయరు పైకప్పు దగ్గర వైర్లను వేలితో తడిమాడు. బండితో వచ్చిన వైరు మధ్యలో కోసి, ఫ్యూజు కూడా లేకుండా లైట్లకు కలిపిన అతుకు అక్కడ కరిగి ముద్దయి ఉంది. మంట మొదలైంది అక్కడేనని ఆయనకు తెలిసిపోయింది. ఆర్‌సీలో ఒట్టి పెట్రోలు అనే ఉంది. పాలసీ ఫారంలో కిట్టు లేదు, విడి సామాను లేదు అని ఉంది.

ఆయన కోప్పడకుండానే చెప్పాడు. కిట్టును ఆర్‌సీలో ఎక్కించి కంపెనీకి చెప్పి ఉంటే, కాస్త ప్రీమియం ఎక్కువ కట్టించుకుని దాన్నీ పాలసీలో కలిపేవారు. అరలు, లైట్లు విలువతో సహా రాయించి ఉంటే వాటికీ వర్తించేది. బండిలో ఏముందో తెలిస్తేనే ప్రమాదం ఎంతో కంపెనీ లెక్క వేసుకోగలదు. చెప్పకుండా మార్చిన బండి వాళ్ళు ఒప్పుకున్న బండి కాదు. కొన్నిసార్లు మార్పుకూ నష్టానికీ సంబంధం లేకపోతే కొంత తగ్గించి ఇస్తారు, ఇక్కడ మంట పుట్టిందే ఆ మార్పులో. నేను చూసింది రాస్తాను, ఇవ్వాలో వద్దో కంపెనీ చూసుకుంటుంది అన్నాడు.

తర్వాత కాగితం తీసి, ఈ ఫారం ఎవరు నింపారు, అప్పటికి కిట్టు ఉందని వాళ్ళకు తెలుసా అని అడిగాడు.

నేను నాన్న వంక చూశాను.

"నేనే చెప్పలేదండి. మా అమ్మాయి ఒంగోల్లో ఉంటది, బండి సంగతులు దానికేం తెలుసు?" అన్నాడు నాన్న. అదే రాయించి, కింద సంతకం పెట్టాడు.

నలభై ఏళ్ళు చీరలమ్మి ఒక్క అతుకూ దాచని మనిషి, నన్ను దాచాడు. నేను దాగాను. అప్పుడే చెప్పి ఉంటే కంపెనీ నిర్ణయం మారేది కాదని నాకు నేను చెప్పుకుంటాను. అది నిజమే. కానీ నేను నోరు మూసుకుంది అందుకు కాదు.

కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. క్లెయిము ఇవ్వలేమన్నారు. నాన్న దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిరప ఘాటు పట్టిన చీరలను వీధిలో పడుగు ఆరేసే చోట ఎండలోనూ మంచులోనూ నెలంతా ఆరేశాం. అయినా పోలేదు. నాన్న వాటిని బస్సులో మోసుకెళ్ళి, తుమ్ములొస్తాయమ్మా, చూసుకోండి అని చెప్పి మరీ అమ్మాడు. రెండేళ్ళు బస్సుల్లోనే తిరిగాడు. చంకలో మూటతో ఆయన బస్సు మెట్లు ఎక్కడం ఒకసారి పర్చూరులో దూరం నుంచి చూశాను. ఒక్కో మెట్టుకూ ఆగి ఎక్కుతున్నాడు. దగ్గరికి వెళ్ళలేకపోయాను.

కిందటేడు ఇంకో పాత వ్యాను కొన్నాం. కిట్టు బిగించే ముందే అనుమతికి అర్జీ పెట్టాం. బిగించాక నాన్నా నేనూ కలిసి రవాణా ఆఫీసుకు వెళ్ళి, తనిఖీ చేయించి, ఆర్‌సీలో గ్యాసు అని ఎక్కించుకున్నాం. ఈసారి లైట్లకు వేరే ఫ్యూజుతో విడిగా వైరు లాగించాం. పాలసీ తీసుకునే రోజు మధ్యాహ్నం ఇద్దరం ఫ్యాను కింద చాప మీద కూర్చున్నాం. బయట వీధిలో పడుగు ఆరుతోంది, గంజి వాసన గుమ్మం దాకా వస్తోంది. నాన్న ఒక్కొక్కటే చెబుతున్నాడు, నేను ఎక్కిస్తున్నాను. చెక్క అరలు. లైట్లు రెండు. ముందు అద్దానికి కట్టిన నిమ్మకాయ కూడా రాయాలా అని అడిగితే నవ్వు వచ్చింది.

అంతలో ఆ ప్రశ్న వచ్చింది. గ్యాసు కిట్టు ఉందా. కింద రెండు గడులు, ఉంది, లేదు. నా వేలు కదల్లేదు.

నాన్న కళ్ళజోడు సర్దుకుని ఫోను మీదకు వంగాడు. చదివాడు. మెల్లగా బొటనవేలు చాచి, లేదు అన్న గడి పక్కన, తగలకుండా ఆపాడు.

"అప్పుడు ఇక్కడే కదమ్మా?" అన్నాడు.

"ఇక్కడే నాన్నా" అన్నాను.

ఆయన వేలు తీసేసి, నేను ఉంది అని నొక్కేదాకా పక్కనే కూర్చున్నాడు.