ఒరిజినల్స్ తీసుకురావలెను

మేం పొద్దున చాయ్ తాగే వేళకు మా కింది వాటాలో ఉండే రాజమణక్క డ్యూటీ నుంచి వస్తుంది. గేటు తీసి, లోపలికి రాకుండా మెట్ల మీదే కూర్చుని చెప్పులు విప్పుతుంది. పాదాల మీద చెప్పు పట్టీల గుర్తులు లోతుగా పడి ఉంటాయి. వాటిని బొటనవేలితో రుద్దుకుంటూ కాసేపు అట్లాగే ఉండిపోతుంది. ఆ తర్వాతే లేచి తాళం తీస్తుంది.

హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలంలో ఆమె పుట్టిల్లూ అత్తిల్లూ రెండు గల్లీల దూరంలోనే ఉన్నాయి. భర్త బాలనర్సింహ పాల వ్యాపారం చూసుకుంటాడు, కూతురు అమల ఇంటర్ చదువుతోంది. రాజమణక్క ల్యాబ్ టెక్నీషియన్. డిప్లొమా చేసిన కొత్తలో బార్కస్ దగ్గర ఓ డాక్టరు గారు నడిపే చిన్న దవాఖానలో చేరి, ఇప్పటికీ అక్కడే ఉంది. రక్తం తీయడం, పరీక్ష చేయడం, రిపోర్టు రాయడం అన్నీ ఆమే. రెండో టెక్నీషియన్ వస్తారు, నెల తిరక్కముందే పోతారు. అందుకే రాత్రి డ్యూటీ ఎప్పుడూ తిరిగి తిరిగి ఆమె మీదకే వచ్చి పడుతుంది.

ఆ రోజు పొద్దున మెట్ల మీద కూర్చునే నన్ను పిలిచింది.

"చెల్లె, ఇగో, గిది జర చదువు. నేను చదివింది కరెక్టేనా చూడు."

ఫోన్లో వాట్సాప్ సందేశం. కంచన్‌బాగ్ వైపున్న ఓ పెద్ద డయాగ్నస్టిక్ సెంటర్ నుంచి వచ్చింది. ఇంగ్లీషులో నాలుగైదు వరుసలే. తెలుగులో చెబితే ఇంతే: ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి మీ ఇంటర్వ్యూ పదహారో తేదీ, గురువారం, ఉదయం పదకొండున్నరకు. నేరుగా రావాలి, ఆన్‌లైన్ లేదు. సుమారు ఇరవై నిమిషాలు. ప్యానెల్‌లో పాథాలజిస్టు, ల్యాబ్ ఇన్‌చార్జి, హెచ్ఆర్ మేనేజరు ఉంటారు. టెన్త్, ఇంటర్, డిప్లొమా, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఒరిజినల్స్, ఒక సెట్ జిరాక్సులు, ఆధార్, రెండు ఫోటోలు తీసుకురావలెను. వచ్చేదీ రానిదీ రేపు సాయంత్రంలోగా తెలపండి.

"మంచి వార్తే కదా అక్కా. డే షిఫ్టేనా?"

"డే షిఫ్టే. పొద్దుగాల పోయి పొద్దుమీకి రావుడే. ఆదివారం సెలవు." ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో సంతోషం కంటే నిద్రే ఎక్కువగా కనిపించింది. "తేదీ మంచిగున్నది, టైమ్ మంచిగున్నది. గీ ఒరిజినల్స్ కాడనే నాకు ఊపిరాడ్తలేదు. నా కాయితాలు నా తాన యాడున్నయి?"

చేరిన రోజే అవన్నీ దవాఖాన వాళ్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారట. మానేస్తానని నెల ముందు చెప్పి, ఆ నెలంతా పనిచేస్తేనే తిరిగి ఇస్తారు. మన దగ్గర చాలాచోట్ల ఇదే పద్ధతి. ఇంటర్వ్యూకని అడిగితే వేరే ఉద్యోగం చూస్తోందని తెలిసిపోతుంది. అది రాకపోతే ఉన్నదీ పోతుంది. అమల ఫీజు ఆమె జీతం మీదే నడుస్తోంది.

మర్నాడు మా అమ్మ షుగర్ రిపోర్టు కోసం నేను ఆ దవాఖానకే వెళ్లాను. ల్యాబ్ ముందు బెంచీ, దాని ఎదురుగానే మేనేజర్ షఫీఉద్దీన్ గారి టేబుల్. రాజమణక్కకు ఆ రోజు పగటి డ్యూటీ. సీనియర్ నర్సు ఖైసర్ బేగం ల్యాబ్ కిటికీకి ఆనుకుని నిలబడి, కాగితాలు ఏ సాకుతో అడగాలో నెమ్మదిగా పాఠం చెబుతోంది.

"పాస్‌పోర్ట్ అని చెప్పకు రాజమణీ. ఆ ముచ్చట పాతబడ్డది. అందరు గదే చెప్పిన్రు. పిల్లకు కులం సర్టిఫికెట్ గావాలె అను."

"నమ్ముతడా?"

"నమ్మకుంటె ఏంజేస్తడు? అడుగుడు మన పని."

రాజమణక్క చేతులు కడుక్కుని, తుడుచుకుని, మళ్లీ ఓసారి కడుక్కుని ఆయన ముందుకు వెళ్లింది. నేను వెంట తెచ్చుకున్న పుస్తకం తెరిచి పట్టుకున్నాను గానీ ఒక్క వాక్యమూ తలకెక్కలేదు.

"భాయ్, అమలకు కులం సర్టిఫికెట్ తీయాలె. నా సర్టిఫికెట్లు ఒక్క దినానికి ఇస్తరా?"

షఫీఉద్దీన్ గారు కళ్లజోడు పైకి నెట్టుకున్నారు. యాభై దాటినాయన. కళ్ల కింద సంచులు.

"కులం బాపు దిక్కెల్లి చూస్తరు గదమ్మా. నీ డిప్లొమా ఎందుకు వాళ్లకు? రక్తం పరీక్ష చేసి కులం చెప్తరా ఏంది?"

కిటికీ దగ్గర ఖైసర్ బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"యేడాదిల నల్గురు పాస్‌పోర్ట్ అని తీస్కపోయిన్రు" అన్నారాయన, కోపం లేకుండానే. "ఒక్కరు గూడ విమానం ఎక్కలే. అందరు మలక్‌పేట పెద్ద దవాఖానల దాక పోయి ఆడనే దిగిన్రు. సచ్ బోలో అమ్మా. యాడ?"

రాజమణక్క ఫోన్ తీసి, సందేశం తెరిచి, ఆయన ముందు పెట్టింది. ఇక దాచే ఓపిక లేక చూపించినట్టే అనిపించింది నాకు. ఆయన దాన్ని చదివారు. మళ్లీ మొదటి నుంచి చదివారు.

"ఇరవై నిమిషాలు" అన్నారు చివరికి. "పదకొండున్నర అంటే మన తాన శాంపిల్స్ వచ్చే టైమ్."

"పొద్దుగాల్నే తీసి పెట్టిపోత భాయ్."

"పెట్టిపో. నేను వద్దన్ననా? డాక్టర్ సాబ్ అడిగితే తబియత్ మంచిగ లేదని చెప్త. మగర్ బీరువా చావి నా తాన లేదు. సాబ్ తాననే ఉంటది." ఆయన ఫోన్ వెనక్కి జరిపారు. "నా బీకాం గూడ అండ్లనే ఉన్నది. నేను అడగనీకెనే నాకు హిమ్మత్ లేదు, నీది ఎట్ల అడుగుత?"

రాజమణక్క ఆయన వంక చూసింది. ఇన్నేళ్లుగా ఆ బీరువా ఆయనదే అనుకున్నానని ఆమె తర్వాత నాతో చెప్పింది.

"వాళ్లనే అడుగు" అన్నారాయన. "కాయితాలు డ్యూటీ కాడ ఉన్నయి, జిరాక్సులు తెస్తనని రాయి. వాళ్లకు తెల్వదా ఈ కత? వాళ్లు గూడ గిదే చేస్తరు."

సాయంత్రం ఆమె మా వాటాకు వచ్చింది. సందేశానికి గడువు ఆ సాయంత్రమే. జవాబు నన్ను రాయమంది. నేను గౌరవంగా మొదలుపెట్టి, అవకాశం ఇచ్చినందుకు ధన్యవాదాలు చెప్పి, పరిస్థితి వివరించి, చివర క్షమాపణ కూడా చేర్చి చూపించాను.

"అమ్మో! పురాణం రాసినవ్ గదనే. నాలుగు ముక్కల్ల రాసినోళ్లు గిది చదువుతరా? ఇస్తె ఇస్తరు, లేకుంటె లేదు. సీదా రాయి."

మిగిలింది మూడు వాక్యాలు. గురువారం పదకొండున్నరకు వస్తున్నాను. ఒరిజినల్స్ ఇప్పుడు పనిచేస్తున్న చోట ఉన్నాయి, జిరాక్సులు, ఆధార్, ఫోటోలు తెస్తాను. ఇది సరిపోతుందా?

పంపాక ఫోన్‌ను నేల మీద బోర్లించి పెట్టింది. మా అమ్మ ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. అమల రెండుసార్లు కింది నుంచి పిలిచింది. సెంటర్ నుంచి జవాబు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. బుధవారం మధ్యాహ్నం, ఆమె పడుకుని ఉన్నప్పుడు వచ్చిందట: ఇంటర్వ్యూకు జిరాక్సులు చాలు. ఎంపికైతే చేరే రోజు ఒరిజినల్స్ సమర్పించాలి.

"సమర్పించాలి అంటే చూపెట్టుడా, ఇచ్చుడా?" అని అడిగింది.

"ఇవ్వడమే అనుకుంటా అక్కా."

"అనుకున్న" అంది. ఫోన్ బ్యాగులో పడేసింది.

గురువారం పొద్దున, రాత్రి డ్యూటీ దిగి, పగటి శాంపిళ్లు కూడా తీసి, అట్నుంచి అటే వెళ్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చి, మామూలుగా మెట్ల మీదే కూర్చుంది.

"ఏమైంది అక్కా?"

"ఇర్వై నిమిషాలని రాసిన్రు గద. కూసోవెట్టిందే రెండు గంటలు. నిద్రకు తల గోడకు కొట్టుకున్న. ముగ్గురని రాసిన్రు, లోపలికి పోతె ఇద్దరే ఉన్నరు. పాథాలజిస్ట్ మేడమ్ రాలే. ఇన్‌చార్జి సారు శాంపిల్ హీమోలైజ్ అయి, రక్తం పాడైతే ఏం చేస్తవన్నడు. మళ్ల తీస్త సార్, దాని మీద రిపోర్ట్ ఇయ్య అన్న. పాత జాగ ఎందుకు ఇడుస్తున్నవన్నడు. కాళ్లు చూడుండ్రి అన్న."

"నిజంగా అన్నావా?"

"నిద్రల నోటికి ఏమొస్తె గదొచ్చింది. హెచ్ఆర్ పిల్ల నవ్వింది. సారు నవ్వలే. టేబుల్ కిందికి వంగి నిజంగనే చూసిండు."

మరుసటి వారం ఎంపికైందని సందేశం వచ్చింది. అది ఇంకా చిన్నది. రాజమణక్క దవాఖానలో నెల నోటీసు ఇచ్చింది. ఆ నెలంతా రాత్రి డ్యూటీలే వేశారు. ఆమె అడ్డు చెప్పలేదు. ఆఖరి శనివారం డాక్టర్ గారు బీరువా తీయించారు. కవరు తెచ్చి చేతికిచ్చింది షఫీఉద్దీన్ గారే. "చూస్కో అమ్మా, అన్నీ ఉన్నయా" అన్నారట. అన్నీ ఉన్నాయి. కవరు ఇచ్చాక ఆయన వెంటనే కూర్చోకుండా, కాసేపు బీరువా వైపే చూస్తూ నిలబడ్డారని చెప్పింది.

సోమవారం చేరాలి. చేరగానే వాటిని అక్కడ ఇచ్చేయాలి. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం.

ఆ ఆదివారం పొద్దున నేను కిందికి వెళ్లేసరికి రాజమణక్క పాత చీర పరిచి, దాని మీద కాగితాలన్నీ వరసగా పెట్టింది. పట్టపగలు ఆమెను ఇంట్లో మెలకువగా చూసి చాలా కాలమైంది. బోర్డు రిజిస్ట్రేషన్ కాగితం మీద అంటించిన ఫోటోలో రెండు జడల పిల్ల ఉంది, ఎవరినో గట్టిగా అడగబోతున్నట్టు చూస్తూ.

"గిది మా అమ్మనా?" అంది అమల. "లామినేషన్ చేపియ్యనా?"

"వద్దు. లామినేషన్ చేస్తె చానా జాగలల్ల తీస్కోరు. మడత గూడ పెట్టకు."

"మల్ల ఎన్నేండ్లకు ఇస్తరు ఇవి?"

"ఏమో. ఆడ రాత్రులు పండనిస్తరు గద, గంతే చాలు."

బాలనర్సింహ అన్న అన్నానికి పిలిచాడు. ఆమె లేవలేదు. ఆ చీర పక్కనే చాప మీద ఒరిగి, చేతిని కాగితాల అంచు దాకా చాచి, అట్లాగే నిద్రపోయింది. ఫ్యాన్ గాలికి డిప్లొమా ఎగరబోతుంటే అమల లేచి, దాని మీద తన లెక్కల పుస్తకం పెట్టి, ఫ్యాన్ కొంచెం తగ్గించింది.