దుప్పట్ల హవల్దారు

ఇరవై నాలుగేళ్ళు సైన్యంలో ఉండి, ఏ శత్రువుకీ వెన్ను చూపకుండా ఇల్లు చేరిన హవల్దారు హజరత్తయ్య, నాయుడుపేటలో ఒక్క కాగితం చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. ఆ కాగితం పేరు బయోడేటా. పరులెవరో రాసి ఉంటే కుట్ర అనుకునేవాడు. ఆయన స్వహస్తాలతో రాసుకున్నదే.

అందులో పైన ర్యాంకు, పేరు, రెజిమెంటు. కింద మోర్టారు అనే చిన్న ఫిరంగి. మోర్టారు కింద ఇంకాస్త మోర్టారు. ఫలానా రేంజిలో మోర్టారు ఫైరింగు పోటీలో మొదటి బహుమతి, చివరన బ్రిగేడు బాక్సింగులో రెండో స్థానం. తడ అనే ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీలు చెప్పులు చేస్తున్నాయి, మోటార్లు చేస్తున్నాయి, బిస్కట్లు చేస్తున్నాయి. ఇందులో దేనికీ మోర్టారు పేల్చే అవసరం ఇంతవరకూ రాలేదు. అందుకని కాగితం వెళ్ళిన ప్రతి చోటునుంచీ ఒకే జవాబు వచ్చింది: "ఎక్స్ సర్వీస్‌మెనా సార్? సెక్యూరిటీలో ఖాళీ ఉంది. రేపే వచ్చి చేరండి."

కూలర్ల మోటార్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గరైతే ఆ జవాబు చెప్పడానికి లోపలిదాకా కూడా పోనివ్వలేదు. గేటులో కాపలా ఉన్న ఆండ్రూ కూడా మాజీ సైనికుడే, నాయక్ ర్యాంకు. కాగితం చూసి, ఆప్యాయంగా నవ్వి, "అన్నా, మనం హవల్దారుగా దిగినా, సుబేదారుగా దిగినా, ఈ తడలో మనకిచ్చేది ఒకటే ర్యాంకు. గేటు. రా, స్టూలు చూపిస్తా" అన్నాడు. ఆ స్టూలు అధికారులు రానప్పుడు మాత్రమే కూర్చోడానికి.

గార్డు పని తక్కువదని హజరత్తయ్య అనుకోలేదు. చేరకపోవడానికి అసలు కారణం ప్యాంటు లోపల ఉంది. ఆయన కుడి మోకాలు సిక్కింలో మంచుమీద జారి, ఒక రాయిని ఢీకొని, అప్పటినుంచి దేశసేవకు సగం రాజీనామా చేసింది. పన్నెండు గంటలు నిలబడితే రాత్రికి వాచి గుమ్మడికాయ అవుతుంది. ఈ సంగతి భార్య మాలకొండమ్మకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఊరికి ఆయన మిలిటరీ హజరత్తయ్య. మిలిటరీకి మోకాళ్ళ నొప్పులుండవు.

ఇంతలో పిల్లలిద్దరి చదువులు ముందుకొచ్చి కూర్చున్నాయి. సెక్యూరిటీ ఏజెన్సీవాడు సోమవారం దాకా గడువిచ్చాడు. సోమవారానికి వేరే ఉద్యోగం దొరక్కపోతే యూనిఫారం కొలతలివ్వాలి. ఆ కొలతల్లో మోకాలి కొలత అడగరు గాని, ఆర్నెల్లలో అదే బయటపడుతుందని ఆయనకు తెలుసు.

ఆ గడువుకు ఇంకా ఎనిమిది రోజులుండగా అక్క కూతురు భానుప్రియ ఆదివారం భోజనానికి వచ్చింది. ఆమె వేరే ఫ్యాక్టరీలో హెచ్ఆర్ విభాగంలో పనిచేస్తుంది. రోజూ ఇలాంటి కాగితాలు చదివి పక్కన పెట్టడం ఆమె వృత్తి. మేనమామ కాగితం తీసుకుని, చేపల పులుసు చెయ్యి కడుక్కోకముందే చదివేసి, "మామా, ఇది ఉద్యోగానికా, యుద్ధానికా?" అంది.

"నేను చేసినవే రాసినాను గదే."

"మోర్టారు అంటే ఏందో మా మేనేజరుకు తెలీదు. సిమెంటు కలిపేది అనుకుంటాడు. సరే, మోర్టారు ప్లటూన్ ఇన్నేళ్ళు. ఆ తర్వాత నాలుగేళ్ళు ఏవీ?"

"ఏ నాలుగేళ్ళు?"

"రిటైరయ్యే ముందు నాలుగేళ్ళు. ఇక్కడ ఏమీ లేదు. జైల్లో ఉన్నావా?"

హజరత్తయ్య పెరుగన్నం కలపడంలో నిమగ్నమయ్యాడు. మాలకొండమ్మ వంటింట్లోంచి కేకేసింది: "దుప్పట్లు లెక్కబెట్టుకుంటా ఉన్నాడు మీ మామ! అడుగు, చెప్పడు."

"నువ్వూరుకోయే!"

విషయం ఇది. మోకాలు పోయాక ఆయన్ని తక్కువ వైద్య కేటగిరీలో పెట్టి, మోర్టారు దగ్గరనుంచి తీసి, కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దారుగా వేశారు. నూట ఇరవై మంది జవాన్ల కంపెనీకి బట్టలు, బూట్లు, పరుపులు, మంచాలు, గుడారాలు, రేషను అన్నీ ఆయన చేతిమీదుగానే. ఇన్‌ఫాంట్రీలో అది చిన్న బాధ్యత కాదు. సామాను పోతే జీతంలోంచి పోతుంది, పరువులోంచి ముందే పోతుంది. కానీ తుపాకి పట్టినవాళ్ళ హాస్యంలో ఆ పోస్టుకు వేరే పేరుంది: దుప్పట్ల హవల్దారు. మోర్టారు ప్లటూన్లో తన చేతికింద పనిచేసిన కుర్రాళ్ళే, కొత్త దుప్పటికి వచ్చి, "ఏం ఉస్తాద్, ఇప్పుడు గురి దుప్పట్లమీదనా?" అన్నారు. ఆయన నవ్వాడు. ఆ మాట మాత్రం ఇప్పటికీ మరిచిపోలేదు. అందుకే ఆ నాలుగేళ్ళు కాగితంలో లేవు.

భానుప్రియ చెయ్యి కడుక్కుని వచ్చి ల్యాప్‌టాప్ తెరిచింది.

"మామా, నాకు నీ మోర్టారు వద్దు. దుప్పట్లు చెప్పు."

ఆయన చెప్పాడు, కోర్టులో సాక్షిలాగా, అడిగినదానికి మాత్రం. ఆమె ఒక్కొక్క మాటనూ పట్టుకుని పౌర సమాజపు దుస్తులు తొడిగింది. పాత రేషను డబ్బాలు ముందు ఇచ్చి, కొత్తవి వెనక పెట్టేవాళ్ళమన్నాడు. "ఫీఫో, ముందొచ్చింది ముందు" అని టైపు కొట్టింది. పనికిరానివాటిని బోర్డు ముందు పెట్టి రద్దు చేయించేవాళ్ళమన్నాడు. "స్క్రాప్ డిస్పోజల్." ఏడాదికోసారి సామానంతా పరచి లెక్క చూపించేవాళ్ళమన్నాడు. "యాన్యువల్ స్టాక్ ఆడిట్." నూట ఇరవై మంది జవాన్లు అన్నాడు.

"నూట ఇరవై మంది ఇంటర్నల్ కస్టమర్స్."

"కస్టమర్లేందే! వాళ్ళు జవాన్లు."

"దుప్పటి కోసం నీ దగ్గరికి వచ్చినారా లేదా?"

"వచ్చినారు."

"అయితే కస్టమర్లే. ఇంకోటి మామా. ప్రతి వాక్యంలో 'చేసేవాళ్ళం, చేసేవాళ్ళం' అంటా ఉండావు. నువ్వేం చేసినావు?"

"మేమంటే యూనిట్టు. ఒక్కడే చేసినాడని చెప్పుకోవడం మాలో ఉండదు."

"అక్కడ మంచిదే. ఇక్కడ ఇంటర్వ్యూలో 'మేము' అంటే, ఆ పని వేరేవాడు చేసినాడని రాసుకుంటారు."

ఆయన హవల్దారు పదం తీసెయ్యనివ్వలేదు. ఆమె దాన్ని తీసెయ్యకుండా, పక్కన "సూపర్‌వైజర్ స్థాయి" అని పెట్టింది. "అసిస్టెంట్ మేనేజర్ అని పెట్టమంటావా?" అంటే, తనకివ్వని చారలు చేతిమీద వేసుకున్నవాడికి మా దగ్గర కోర్ట్ మార్షల్ అన్నాడు. ఆమె ఒప్పుకుంది. మోర్టారుకు ఒక వాక్యం మిగిలింది. బాక్సింగు మరణించింది.

"మోకాలు?" అన్నాడు.

"మోకాలు బయోడేటాలో పెట్టే అవయవం కాదు మామా. ఎందుకు మారినావని అడిగితే 'సప్లై చెయిన్ వైపు మారాను' అను. అబద్ధం కాదు గదా."

ఆయన ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో బట్టీ పట్టాడు, డ్రిల్లు ఆజ్ఞలాగా.

కొత్త కాగితం పంపాక, శుక్రవారం పిలుపు వచ్చింది. పిలిచింది ఆండ్రూ కాపలా కాస్తున్న ఆ మోటార్ల ఫ్యాక్టరీయే. పోస్టు స్టోర్సు షిఫ్టు సూపర్‌వైజరు. గేటులో ఆండ్రూ పేరు రాసుకుంటూ, "ఏందన్నా, ఇంటర్వ్యూనా?" అన్నాడు. స్టూలు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

లోపల ఇద్దరు. హెచ్ఆర్ అమ్మాయి ఒకామె. రోజూ చెన్నైనుంచి రైల్లో సూళ్లూరుపేట వచ్చి, అక్కడినుంచి కంపెనీ బస్సులో చేరే స్టోర్సు మేనేజరు ఒకాయన. ఆయన కళ్ళజోడు నుదుటిమీద, కాగితం చేతిలో. హిందీ వచ్చా అని అడిగాడు. వచ్చు. ఒడిశా కుర్రాళ్ళతో పని చేయించగలరా? చేయించగలను. ఇంతవరకూ కవాతు బాగానే సాగింది.

అప్పుడు కళ్ళజోడు నుదుటినుంచి ముక్కుమీదికి దిగింది.

"మిస్టర్ హజరత్తయ్య, మీరు ఇన్‌ఫాంట్రీ. అన్నేళ్ళు మోర్టారు. చివరి నాలుగేళ్ళు స్టోర్సు. ఎందుకు మార్చారు?"

వాక్యం సిద్ధంగా ఉంది. నోరు తెరిచి మొదటి ముక్క అన్నాడు కూడా. మేనేజరు చెయ్యి ఎత్తాడు.

"మా మామయ్య కూడా ఆర్మీనే సార్. ఇన్‌ఫాంట్రీవాడు స్టోర్సు తనంతట తాను అడిగాడంటే నేను నమ్మను. పనిష్మెంటా?"

హజరత్తయ్య లెక్కేసుకున్నాడు. మోకాలంటే వైద్య పరీక్షలో తీసేస్తారు, సోమవారం కొలతలు. మోకాలనకపోతే దొంగతనం చేసి పట్టుబడ్డవాడిగా మిగులుతాడు. ఇరవై నాలుగేళ్ళలో ఆయన మీద ఒక్క ఎర్ర సిరా గీత లేదు. దుప్పట్ల నవ్వు భరించాడు గానీ, ఇది భరించలేకపోయాడు.

"మోకాలు సార్" అన్నాడు. "కుడిది. సిక్కింలో పడినాను. పరిగెత్తలేనని మోర్టారునుంచి తీసేసి దుప్పట్లకాడ పెట్టినారు. నాకు సిగ్గేసింది. అందుకే ఈ నాలుగేళ్ళూ ముందు కాగితంలో రాయలేదు. ఈ కాగితం మా మేనకోడలు రాయించింది."

హెచ్ఆర్ అమ్మాయి ఏదో రాసుకుంది. అది ఆయన ఉద్యోగానికి మరణ ధ్రువపత్రంలాగా కనబడింది.

మేనేజరు మాత్రం కాగితం బల్లమీద పెట్టాడు. "సరే. ఆ మిలిటరీ స్టోర్సు గదిలోకి మొదటిరోజు వెళ్ళి ఏం చేశారు? కాగితంలో ఉన్నది కాదు. చేసింది."

"మేము..." అని ఆగాడు. "నేను సంతకం పెట్టలేదు సార్."

"అంటే?"

"నా ముందున్నాయనకు పోస్టింగు వచ్చింది. మర్నాడు రైలు. అన్నీ సరిగ్గా ఉన్నాయి, సంతకం చేసెయ్ అన్నాడు. కంటితో చూసి, చేత్తో తాకనిదానికి సంతకం చెయ్యనన్నాను. గుడారాలు మైదానంలో పరిపించినాను. పరుపులు దులిపించినాను. తీసుకునే సామానుకు నాదే జవాబు గదా. ఆయన రైలు తప్పిపోయింది. కంపెనీ కమాండరు సాబ్ కోప్పడినారు. నిలబడుకున్నాను. మూడు గుడారాలకు తాళ్ళు లేవు. అవి ఆయన పేరుమీదే రాయించి, అప్పుడు సంతకం పెట్టినాను."

"ఆయన?"

"ఇంకో రైలెక్కినాడు. పన్నెండేళ్ళ స్నేహితుడు. ఇప్పటికీ మాట్లాడడు."

మేనేజరు కిటికీ బయటికి చూపించాడు. అక్కడ కనిపించేది ఫ్యాక్టరీ స్టోర్సు షెడ్డు. కిందటి సూపర్‌వైజరు తాళాలు బల్లమీద పెట్టి ఒక మధ్యాహ్నం వెళ్ళిపోయాడని, లోపల ఏముందో ఇప్పటికీ తనకు సరిగ్గా తెలియదని, ఆ సంగతి హెచ్ఆర్ అమ్మాయి వైపు చూసుకుంటూ తమిళ యాసలో చెప్పాడు.

"నిచ్చెన ఎక్కగలరా?"

"లేదు సార్."

"ఆ సంగతి మా డాక్టరు ఎలాగూ రాస్తాడు. నిచ్చెన ఎక్కేవాళ్ళు నాకు పదిమంది ఉన్నారు. రైలు తప్పించేవాడు ఒక్కడూ లేడు. ఇన్‌వార్డులో కూర్చోండి, సామాను వచ్చేచోట. చేరిన రోజు తాళాలు తీసుకోకండి. అంతా చూశాకే తీసుకోండి."

వైద్య పరీక్షలో డాక్టరు మోకాలు వంచి చూసి, నిచ్చెన వద్దు, బరువులు వద్దు, మిగతా పనికి అభ్యంతరం లేదు అని రాశాడు. సోమవారం సెక్యూరిటీ ఏజెన్సీవాడు ఫోన్ చేస్తే మాలకొండమ్మే ఎత్తింది. కొలతలు ఇవ్వబడవని గంభీరంగా ప్రకటించింది.

షెడ్డు మొత్తం చూడడానికి వారం దాటింది. తాళాలు చేతికొచ్చిన సాయంత్రం హజరత్తయ్య గేటు దాటబోతుంటే ఆండ్రూ లేచి నిలబడ్డాడు.

"కూర్చోబ్బా. ఎవరూ రావడం లేదులే" అని హజరత్తయ్య ఆ ఒక్క స్టూలును ఆండ్రూవైపు జరిపి, తాను గోడకు ఆనుకున్నాడు. "బయోడేటా ఉందా?"

"ఉంది గానీ అన్నా, అందులో ఏముంది? సెక్షన్‌లో ఎల్ఎంజీ తుపాకి. ఫైరింగులో బెస్ట్."

"అది పక్కన పెట్టు. నీకు సిగ్గనిపించి రాయని పనేందో చెప్పు."

ఆండ్రూ టోపీ తీశాడు.

"రెండేళ్ళు ఆఫీసర్ల మెస్‌లో వంట సామాను చూసినానన్నా" అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

హజరత్తయ్య జేబులోంచి పెన్ను తీశాడు.