రెండు బల్లల మధ్య ముత్యాలయ్య బావ

మా బావ ముత్యాలయ్య మంచివాడే. మంచివాళ్ళతో వచ్చే తంటా ఏమిటంటే, తిట్టడానికి మనసొప్పదు, తిట్టకుండా ఉండనూ లేం. సూళ్లూరుపేట దగ్గర పులికాట్ ఒడ్డున పుట్టినవాడు, వలలు అల్లడంలో ఆయనకు సాటి లేరు. మలయాలోని ప్రై రేవులో ఒక చీనా షావుకారు దగ్గర మేమిద్దరం వలలు బాగుచేసేవాళ్ళం. మా అక్క కామమ్మ, ఆయన పెళ్ళాం, ఇద్దరు పిల్లలతో అక్కడే కాపురం ఉండేది.

యాభై తొమ్మిదిలో షావుకారు మమ్మల్ని సరిహద్దు దాటించి, సయాంలోని సొంఖ్లాకు పంపాడు. నెల పని. బావకు మలయాలోకి తిరిగి రావడానికి ఇచ్చిన అనుమతి ఒక సోమవారంతో సరి. గడువు దాటితే మళ్ళీ అక్కడ అడుగు పెట్టనివ్వరు, అక్కా పిల్లలూ ఒక దేశంలో, ఈయన ఇంకో దేశంలో. నాకైతే ఇంకా రెండు నెలలుంది. ఆ రైలు వారానికి రెండు మూడు రోజులే నడిచేది. తిరుగు సీట్లకు ప్రైలో అడిగితే, వాళ్ళు సయాం రైల్వేకు తంతి కొట్టి, జవాబొచ్చాక ఖాయం చేశారు. ముందు రైళ్ళన్నీ నిండిపోయి, మాకు దొరికింది సరిగ్గా ఆ సోమవారమే.

సొంఖ్లాకు దగ్గరి రైలు జంక్షను హాద్యాయిలో, సయాం లెక్కన ఏడు గంటలకు రైలెక్కాం. సోమవారం ఏడున్నరకు రాహుకాలం పడుతుంది కాబట్టి బావ మహా సంతోషించాడు. సరిహద్దు స్టేషను పదాంగ్ బేసార్ చేరేసరికి ఆయన గడియారంలో ఎనిమిదీ పది. స్టేషను గడియారంలో ఎనిమిదీ నలభై. మలయా గడియారం సయాం కంటే అరగంట ముందుంటుంది. అందరూ మూటలతో దిగి, ముందు సయాం బల్ల దగ్గర బయటికి పోయే ముద్ర, తర్వాత అదే ప్లాట్‌ఫారం మీద మలయా బల్ల దగ్గర లోపలికొచ్చే ముద్ర వేయించుకోవాలి. రైలు తొమ్మిదీ ఇరవై అయిదుకు, మలయా లెక్కన.

సయాం ముద్ర పడింది. నేను మలయా బల్ల కూడా దాటి వెనక్కి చూస్తే, బావ రెండు బల్లల మధ్య బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. తొమ్మిదికి రాహుకాలం పోతుంది, అప్పుడు వస్తానన్నాడు. ఆయన తొమ్మిది అంటే ఇక్కడ తొమ్మిదిన్నర. రైలు పోగానే ఆ బల్ల మూసేస్తారు, మళ్ళీ రైలు మూడు రోజులకు. చెప్పాను, బతిమాలాను. సయాం వాడు పొమ్మన్నాడు, మలయా వాడు రానివ్వకపోతే నువ్వు ఎక్కడివాడివని అడిగాను. గడియారం అరగంట ముందుకు తిప్పుకో, రాహుకాలం అయిపోయినట్టేనన్నాను.

“ముల్లు తిప్పితే రాహువు పోతాడా? ఆయనకి పాసుపోర్టు ఉందా?” అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. గట్టిగా అరిచేవాణ్ణే, కానీ ఆయన తల వంచుకుని వేరే మాట ఎత్తాడు.

“ఆదెయ్యని నేనే పంపినా రా,” అన్నాడు. “సోమవారం, ప్రైలో, ఎనిమిది గంటలకి. వాడు రాహుకాలం అంటున్నా వినలా. నేనే కసిరి పడవెక్కించినా.”

ఆదెయ్య ఆయన తమ్ముడు. ఆ రోజు పడవ బోల్తాపడి చనిపోయాడు. తొమ్మిదేళ్ళలో బావ ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మలయా బల్ల ముందు ముగ్గురే మిగిలారు. స్టేషను గడియారంలో తొమ్మిదీ పది. బావను వదిలేసి పోతే అక్కకు ఏ మొహం చూపించను? అప్పుడు తట్టింది. మన దేశం నుంచి ఓడలో వచ్చినప్పుడల్లా గడియారం తిప్పుకున్నవాళ్ళమే కదా, మలయాకూ మన దేశానికీ రెండు గంటలు తేడా.

“బావా, ఈ రాహుకాలం ఏ పంచాంగంలో చూసినావు?”

“నెల్లూరిదే. ఇంకేడిది?”

“నెల్లూర్లో ఇప్పుడు ఏడూ పది. ఇంకా పట్టనే లేదు. ఇరవై నిమిషాలుంది, లెయ్యి.”

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. లేచి, మూట నాకు అందించి, బల్ల దగ్గరికి పోయాడు. అధికారి అనుమతి కాగితంలో తేదీ చూసి, పాసుపోర్టులో చూసి, మళ్ళీ కాగితం చూశాడు. ముద్ర వేశాడు. మేము రైలు పెట్టెలోకి ఎక్కేసరికి గార్డు ఈల వేస్తున్నాడు.

స్టేషను దాటి చాలా దూరం వచ్చినా బావ వేళ్ళ మీద ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాడు. నాకు విసుగొచ్చి, దాటేశాంగదా, ఇంకా ఏం లెక్కలన్నాను.

“ప్రైలో ఎనిమిదంటే, మనూళ్ళో ఆరేగదరా?”

ఆరే అన్నాను.

“అయితే వాణ్ణి నేను చంపలేదు,” అని, ముఖం తువ్వాల్లో పెట్టుకుని, పెట్టెలో అందరూ చూస్తుండగా ఏడ్చాడు.