టెంటు కింద యథార్థ సమీకరణం

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో నేను జనగామలోని ఒక డిగ్రీ కాలేజీలో గణితం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ని. మాది మహబూబాబాద్. సమ్మెతో కాలేజీకి తాళం పడింది. రైళ్లు నమ్మకంగా నడవడం లేదు. ఇంటికి పోలేక అద్దె గదిలోనే ఉండిపోయాను. విద్యార్థులు బస్టాండు దగ్గర టెంటు వేసి, రోజుకు ఐదుగురు చొప్పున నిరాహార దీక్షలో కూర్చునేవారు. పరీక్షలు వాయిదా పడతాయో లేదో ఎవరికీ తెలియదు.

"సార్, టెంటుల్నే క్లాస్ చెప్పరాదుండ్రి?" అని అడిగారు పిల్లలు.

ఉద్యమానికి నా వంతు సాయం అని పైకి అన్నాను. నిజానికి పదిమంది చూస్తుండగా పాఠం చెప్పడమంటే నాకు మహా సరదా. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. పుస్తకం మాత్రం తీసుకుపోలేదు. పుస్తకం చూసి చెప్పేవాడు లెక్చరరే కాదని అప్పట్లో నా గట్టి అభిప్రాయం.

కాలేజీ నుంచి మోసుకొచ్చిన నల్లబల్ల మీద రాశాను: (2xy + 3x²)dx + (x² + 2y)dy = 0.

"ఇది యథార్థ సమీకరణమా కాదా, ఎట్ల తెలుస్తది?" అని నేనే అడిగి, జవాబూ నేనే చెప్పాను. dx పక్కనున్నది M, dy పక్కనున్నది N. x ను కదలనివ్వకుండా M ను y తో అవకలనం చేస్తే 2x. y ని కదలనివ్వకుండా N ను x తో చేస్తే అదీ 2x. రెండూ సమానం, కాబట్టి యథార్థం. అంటే M, N రెండూ F అనే ఒకే ప్రమేయానికి పాక్షిక అవకలజాలు. ఆ F దొరికితే F = c అన్నదే సాధన. ఇంతవరకూ బాగానే ఉంది.

తర్వాత M ను x తో, N ను y తో సమాకలనం చేసి, రెండు జవాబులనూ కలిపి రాసేశాను: 2x²y + x³ + y² = c. దాని కింద రెండు గీతలు కూడా కొట్టాను.

"సార్, గా జవాబు తప్పు."

మాట దీక్షలో కూర్చున్న వరుసలోంచి వచ్చింది. పాలకుర్తి పక్క తండా నుంచి ఆటోలో వచ్చే అమ్మాయి. ఇంట్లో వాళ్ల భాష వేరు, తెలుగు ఆచితూచి మాట్లాడేది. రెండేళ్లలో ఆమెను నేనొక్క ప్రశ్నా అడగలేదు. మెడలో బంతిపూల దండ, పొద్దుటి నుంచి కడుపులో మంచినీళ్లే.

"ఆకలికి నీకు కళ్ళు తిరుగుతున్నయేమో, బిడ్డా," అన్నాను నవ్వుతూ. ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

"లేదు సార్. మీ జవాబును x తోని అవకలనం చేస్తే 4xy వస్తుంది. మనకు 2xy కదా ఉన్నది? x²y రెండు దిక్కులా వచ్చింది. ఒక్కసారే రాయాలె."

నిజమే. x²y + x³ + y² = c. టెంటంతా గొల్లున నవ్వింది. పిల్లలకు మద్దతుగా ఆ రోజు ఆమె పక్కన దీక్షలో కూర్చున్న ఒక రిటైర్డు హెడ్మాస్టరు మాత్రం నవ్వకుండా, "కానియ్యిండ్రి సార్, ఇంకోటి చెప్పుండ్రి," అన్నాడు. ఆయన జాలి, పిల్లల నవ్వు కంటే ఘోరం.

పరువు నిలుపుకోవాలని అక్కడికక్కడే ఒకటి అల్లాను: 2xy dx + (x² + x)dy = 0. ఈసారి పద్ధతిగా M ను x తో సమాకలనం చేసి, స్థిరాంకం చోట y లో ప్రమేయం g పెట్టాను: F = x²y + g(y). దాన్ని y తో అవకలనం చేసి N తో పోల్చాను. g′(y) = x అని వచ్చింది. ఒక్క y మాత్రమే ఉండాల్సిన చోట x వచ్చి కూర్చుంది. డస్టరుతో ఒకటికి రెండుసార్లు తుడిచి మళ్ళీ చేశాను. మళ్ళీ x.

"సార్, పరీక్ష చెయ్యనే లేదు," అంది ఆ అమ్మాయి మెల్లగా. "ఒకటి 2x, ఇంకోటి 2x + 1. గిది యథార్థం కాదు. F దొరకనే దొరకదు."

సుద్దముక్క ఆమెకిచ్చి చాప మీద కూర్చున్నాను. ఆమె దండ సర్దుకుని లేచింది. మొదటి లెక్కను సరిచేసి, F = c అంటే ఏందో చెప్పింది.

"F అంటే గుట్ట ఎత్తు అనుకోండ్రి. మా మేకలు గుట్ట ఎక్కకుంట, దిగకుంట, ఒకే ఎత్తున చుట్టూ నడిచి బాట చేస్తయి. గా బాటనే సాధన. c మారితే ఇంకో ఎత్తు, ఇంకో బాట."

అలా ఒకే ఎత్తున సాగే గీతకు సమస్థాయి వక్రం అనే మాటను నేను నాలుగేళ్లుగా బోర్డు మీద రాస్తున్నాను. దాని మీద నడవొచ్చని నాకు తట్టలేదు.

మర్నాడు పుస్తకం చంకలో పెట్టుకుని టెంటుకు వెళ్ళి, నిన్నటి నా జవాబును అందరి నోట్సుల్లోనూ కొట్టివేయించాను. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పబోతే, "అయ్యో, ఏంది సార్ గట్లంటరు," అని సిగ్గుపడి, రెండో సమీకరణాన్ని యథార్థంగా మార్చే దారి ఏమన్నా ఉందా అని అడిగింది.

ఈసారి తొందరపడలేదు. పుస్తకం తెరిచి వెతికాను.