మంగళవారం నాటి వేలిముద్ర

పదో తరగతి జవాబు పత్రాలు దిద్దడానికి మహబూబ్‌నగర్ రావాలన్న ఉత్తర్వు శుక్రవారం సాయంత్రం బడి వదిలే వేళకు నా చేతికొచ్చింది. బుధవారం పొద్దున తొమ్మిదింటికల్లా హాజరు కావాలి. పని పది పన్నెండు రోజులు. రానివాళ్ల మీద శాఖాపరమైన చర్య ఉంటుందని కింద గీత గీసి మరీ రాశారు. కానీ ఆ మర్నాడే, గురువారం పదకొండు గంటలకు వనపర్తిలో బ్యాంకుకు వెళ్లి, ఇంటి లోను కాగితాల మీద సంతకాలు పెట్టాలి. ఆ తేదీ ఇప్పించుకోవడానికి మూడు నెలలు తిరిగాను.

అప్పట్లో నేను పాన్‌గల్ హైస్కూల్లో టీచర్ని. వనపర్తిలో రెండు గదుల అద్దె ఇంట్లో మా ఆయన, నేను, మా అత్త ఉండేవాళ్లం. మా ఆయనకు టైలరింగ్ షాపు. లోను నా జీతం మీద వస్తుంది, కానీ జాగా మాత్రం అత్తది. ఆమె పదిహేనేళ్లు వలస పోయి, కాలువ మట్టి తవ్వి, తట్టలు మోసి కూడబెట్టిన రూపాయలతో ఊరి అంచున కొన్న ముక్క అది. అందుకని లోను అత్తాకోడళ్లిద్దరి పేరా ఇస్తామన్నారు. జాగా ఆమెది కాబట్టి, రిజిస్ట్రీ కాగితం ఆమే స్వయంగా వచ్చి ఆఫీసరు చేతికి ఇచ్చి వేలిముద్ర వెయ్యాలి. గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, లోను మంజూరు గడువు నెలాఖరుతో అయిపోతుంది. ఆఫీసరుకు బదిలీ అయింది, వచ్చే శనివారం రిలీవ్ అవుతాడు. కొత్తాయన వస్తే ఫైలు మళ్లీ మొదటికొస్తుంది. మళ్లీ ఓ ఏడాది అద్దె ఇల్లే. ఇంటి ఓనరేమో ఖాళీ చెయ్యమని పండగ ముందు నుంచీ పోరుతున్నాడు.

"బ్యాంకు సార్‌తోని మా అమ్మను దవాఖాన్ల షరీక్ జేసినమని చెప్పరాదూ, వారం జరుపుతడు" అన్నాడు మా ఆయన, బట్ట కత్తిరిస్తూ.

నాకు ఒళ్లు మండింది. "నీకు బుర్ర ఉన్నదా? వేలిముద్ర ఎయ్యాల్సింది మీ అమ్మనే. ముసలామె మంచంల పడ్డదంటే ఆయన అసలు లోను ఇయ్యడు!" అన్నాను. ఆయన కత్తెర ఆపి, "అవ్ గదా" అన్నాడు. ఈ మనిషితో ఇల్లు కట్టిద్దామనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

బ్యాంకు సారు ఇచ్చిన తేదీ మార్చమని అడగడమంటే మా వైపు చిన్న సంగతి కాదు. అడిగితే ఫైలు అడుక్కు పోతుందని అందరి భయం. ఒకాయన తేదీ తప్పకూడదని తమ్ముడి లగ్గం వదిలి వచ్చాడట. శనివారం బ్యాంకు మధ్యాహ్నం దాకానే. నేను ఉత్తర్వు పట్టుకుని పదింటికే వెళ్లి వరసలో నిలబడ్డాను. అరచేతుల చెమటకు కాగితం మెత్తబడింది.

ఆఫీసరు కోస్తా వైపు మనిషి. ఎప్పుడూ నవ్వగా చూడలేదు. నేను చెప్పినదంతా విని, ఉత్తర్వు తీసుకుని తేదీ, సంతకం, ముద్ర అన్నీ చూశాడు.

"ఇది తప్పించుకునే పని కాదు" అన్నాడు. "నాకూ తప్పదు, వచ్చే శనివారానికి వెళ్లిపోవాలి. సోమవారం నేను రీజనల్ ఆఫీసులో ఉంటాను. బుధవారం నుంచి మీరుండరు. ఇక మిగిలింది మంగళవారం. పగలు వేరేవాళ్లకు ఇచ్చేశాను. పొద్దున తొమ్మిదింటికి, బ్యాంకు తెరవకముందే రాగలరా? పక్క తలుపు తీయిస్తాను."

రాత్రంతా గుండెల్లో పెట్టుకున్న బండ, ఆయన క్యాలెండరు మీద పెన్సిలుతో ఒక చిన్న సున్నా చుట్టేసరికి దిగిపోయింది. అడిగితే ఇంతేనా అనిపించింది. దారి పొడుగునా నవ్వుకుంటూనే ఇంటికొచ్చాను.

నవ్వు గుమ్మం దాకానే.

"మంగళారమా?" అంది అత్త, చింతపండులో గింజలు తీస్తూ. "మంగళారం అప్పు దెస్తే తీర్తదా? నేను రాను."

"అత్తమ్మా, గది ఊళ్లె అప్పు కాదు. బ్యాంకు."

"ఏ అప్పైనా అప్పే. మంగళారం తెచ్చింది మనుమల కాలానికి గూడ తీరదు. బేస్తారం అన్నరు గదా, గట్లనే పోదాం."

గురువారం ఎందుకు కుదరదో ఎన్ని తీర్ల చెప్పినా చెవిన పెట్టలేదు. ఆదివారమంతా బతిమాలాను, అరిచాను, ఏడ్చాను కూడా. మా ఆయన షాపులోనే తిన్నాడు, అక్కడే పడుకున్నాడు, మహా తెలివి. సోమవారం ఆఫీసరు ఊళ్లో లేడు, చెప్పడానికీ లేదు. రాత్రి అన్నం కాడ అత్తే నోరు తెరిచింది. "రేపు వస్త. ఏలు మాత్రం ఎయ్య. నేను ఎందుకెయ్యనో సార్‌కు మొకం మీద నేనే జెప్త. పాపం, నీ కోసం దినం మార్చిండు గదా, చెప్పకుంట ఎగబెడితె తప్పైతది."

ఇంతకంటే తలవంపులు ఇంకేముంటాయి? అయినా ముగ్గురం వెళ్లాం.

తొమ్మిదింటికి బ్యాంకు ఎట్లా ఉంటుందో నేను అంతకుముందు చూడలేదు. వరసలు లేవు, కేకలు లేవు. ఫ్యాను చప్పుడొక్కటే వినిపిస్తోంది. ఆఫీసరు అప్పటికే వచ్చి కూర్చున్నాడు. ఖాళీలన్నీ నింపిన కాగితాల దొంతరలు రెండు, నాదొకటి, అత్తదొకటి, ముందు పెట్టుకున్నాడు. నేను సంతకం చెయ్యాల్సిన చోటల్లా పెన్సిలుతో చిన్న గుర్తు ఉంది. అత్త నోరు విప్పేలోపే నా పని కానిద్దామని గబగబా గుర్తులన్నిటి దగ్గరా గీకేశాను. జామీను కాగితం మీద మా ఆయన పెట్టాడు. రిజిస్ట్రీ కాగితం ఉన్న సంచీని అత్త ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

"సారూ, ఏమనుకోకు" అంది. "గియ్యాల మంగళారం. నేను అప్పు తీస్కోను."

నేను తల దించుకున్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, లేకపోతే ఫైలు మూసేస్తాడనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"అమ్మా, ఈ రోజు మీరు డబ్బు తీసుకోవడం లేదు. కాగితాలు మాత్రమే. డబ్బు బ్యాంకు నుంచి బయటికొచ్చిన రోజు నుంచే వడ్డీ. ఈ రోజు ఒక్క రూపాయి కూడా కదలదు. మొదటి విడత గురువారం అమ్మాయి ఖాతాలో వేస్తాను. దానికి మీరెవరూ రానక్కర్లేదు."

అత్త వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. "అయితే గియ్యాల మాట, బేస్తారం పైస. గంతేనా?"

"అంతే."

"సరే. మరి గా మాట ఏందో సదువు."

ఈసారి నిజంగా నవ్వు నాకే వచ్చింది. ఇరవై పేజీల పైనే ఉంటుంది అత్త దొంతర. కానీ ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "చదవాలి. వేలిముద్ర వేసేవాళ్లకు చదివి వినిపించి, అర్థమయ్యేలా చెప్పానని కింద నేను రాసి ఇవ్వాలి" అన్నాడు. ఆ మాట అన్ని బ్యాంకుల్లోనూ రాస్తారు. చదివేవాళ్లను మాత్రం నేను చూడలేదు. పదకొండు గంటలకు, వంద మంది వరసలో ఉండగా వచ్చి ఉంటే ఆయన కూడా చదివేవాడో లేదో నాకు తెలియదు.

ఆయన చదివాడు. ఇంగ్లీషులో ఉన్న ప్రతి ముక్కనూ తెలుగులోకి మార్చి, వేలు పెట్టి చూపిస్తూ, ఆమె తల ఊపేదాకా ఆగుతూ చదివాడు. అత్త కళ్లు ఆయన పెదాల మీద నుంచి కదల్లేదు. నా బడిలో ఏ పిల్లా ఏ పాఠాన్నీ అట్లా వినలేదు. ఆమెకు అక్షరం రాదని ఇన్నేళ్లూ జాలిపడ్డాను. వినడమంటే ఏమిటో ఆ పూట ఆమెను చూశాకే తెలిసింది.

వాయిదాలు కట్టకపోతే బ్యాంకు నోటీసు ఇచ్చి జాగా, ఇల్లు అమ్ముకోవచ్చు అన్న చోట ఆమె చెయ్యెత్తింది.

"ఆగు బిడ్డా. గా నోటీసంటే కాయిదమే గదా? కాయిదం నాకొస్తె నేనేం జేసుకుంట? మా ఇంటాయనకు గూడ గిట్లనే కాయిదం జూపెట్టిన్రు. సాక్ష్యం ఏలు అన్నరు, ఏసిండు. మూడెకరాలు పాయె. దున్నవోతె గానీ తెల్వలే." ఈ సంగతి మా ఆయన కూడా వినలేదని అతని మొహం చూస్తే తెలిసింది. "గందుకే అడుగుతున్న. నా జాగ అమ్మేకాడికొస్తే, ఒక మనిషొచ్చి నోటితోని నాకు చెప్పాలె. గా మాట గా కాయిదంల రాయి."

ఆఫీసరు ఆ పేజీని మళ్లీ ఒకసారి చూశాడు. రాస్తానని తల ఊపితే సరిపోయేది. మేమందరం సంతోషంగా ఇంటికెళ్లేవాళ్లం. ఆయన నాలుగు రోజుల్లో ఊరు వదిలి వెళ్లే మనిషి, ఆమెకు చదువు రాదు. నేనైతే రాస్తానన్నట్టు ఊ కొట్టమని ఆయన వైపు కళ్లతో బతిమాలాను కూడా.

"రాయలేనమ్మా" అన్నాడు ఆయన. "ఇవి అచ్చు కాగితాలు. ఇందులో ఒక మాట కలిపే అధికారం నాకు లేదు. మనిషి వచ్చి చెబుతాడని మాట కూడా ఇవ్వలేను, నేనిక్కడ ఉండను. కాగితమే వస్తుంది. మీ పేరు మీదే వస్తుంది. దాన్ని ఎవరో ఒకరు మీకు చదివి పెట్టాలి. ఇష్టం లేకపోతే వేలు వెయ్యకండి. బలవంతం లేదు."

అయిపోయింది అనుకున్నాను. మూడు నెలల తిరుగుడు, శనివారం వరస, ఆదివారం ఏడుపు, అన్నీ గంగలో కలిశాయి. ఇంత ముక్కుసూటి మనిషి మాకే తగలాలా అని పళ్లు కొరికాను.

అత్త సంచీ విప్పి రిజిస్ట్రీ కాగితం తీసింది. రెండు చేతులా ఆయన చేతిలో పెట్టింది.

"ఇటియ్యి సిరా" అంది. "మా ఇంట్ల కాయిదాల మీద ఏలు ఏపిచ్చుకున్నోళ్లంత, ఏమడిగినా అవ్ అవ్ అన్నోళ్లే. లేదు, కాదు అన్నోన్ని గియ్యాలనే జూస్తున్న. నీకు ఏస్త."

ఆమె ఒక్కొక్క పేజీ మీద బొటనవేలు అద్ది, అద్దిన ప్రతిసారీ వంగి చూసుకుంది. ఆఫీసరు పేజీలు తిప్పి పెడుతున్నాడు, తొందర పెట్టడం లేదు. బయట ముందు తలుపు తీస్తున్న చప్పుడయింది. చివరి పేజీ అయ్యాక ఆమె సిరా వేలును కొంగుకు తుడుచుకుని నా వైపు తిరిగింది.

"పిల్లా, నువ్వు పెట్టినవ్ గదా దస్కతులు. నీ కాయిదాలల్ల ఏమున్నది?"

నేను ఎమ్మే, బీయెడ్. మర్నాటి నుంచి పన్నెండు రోజులు ఇతరుల జవాబులు చదివి మార్కులు వెయ్యబోతున్నదాన్ని. నాకు తెలియదు.

"సార్, నేను సంతకం పెట్టినవి ఒకసారి ఇటివ్వండి" అన్నాను. ఆయన ఇచ్చాడు. అత్త పక్కన బెంచీ మీద కూర్చుని, మొదటి పేజీ నుంచి ఆమెకు వినపడేట్టు చదవడం మొదలుపెట్టాను.